నీళ్లు పోసే దాకా పుట్టని ఆల్డిహైడ్

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నోట్సుల్లో ఈ చర్య ఒక్క వరుసలో అయిపోతుంది. ఎడమవైపు ఒక వలయం, మధ్యలో బాణం, బాణం మీద DMF, POCl3, బాణం కింద H2O, కుడివైపు అదే వలయానికి తగిలించిన CHO. దీని పేరు విల్స్‌మయర్-హాక్ చర్య. బాణం మీద ఏముందో రాస్తే మార్కులు పడతాయి. బాణం కింద నీళ్లను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. చివర్లో కడగడానికి వాడేవేగా అనుకుంటారు. నిజానికి ఆ CHOలో ఉన్న ఆక్సిజన్ ఆ నీళ్ల నుంచి వచ్చిందే.

డీఎంఎఫ్, అంటే డైమిథైల్‌ఫార్మమైడ్ అణువులోనూ అచ్చం అలాంటి CHO ఉంటుంది. కాబట్టి దాన్నే పెకలించి వలయం మీద నాటారని చూసినవాళ్లు అనుకోవడం సహజం. అక్కడి నుంచి వచ్చేది కార్బన్, దాన్ని అంటిపెట్టుకున్న హైడ్రోజన్, అంతే. డీఎంఎఫ్‌లోని ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ తీసుకుపోతుంది. ఫ్లాస్కులో వేడి చేసినంతసేపూ లోపల ఆల్డిహైడ్ ఉండదు. దాని బదులు ఒక లవణం ఉంటుంది. నీళ్లు తగిలాకే ఆల్డిహైడ్ పుడుతుంది. ఈ చర్య ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో, పరిశ్రమలో ఎందుకు భయపెడుతుందో, అన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

ఆల్డిహైడ్ అంటే కొత్తదేమీ కాదు. దాల్చిన చెక్క వాసన ఒక ఆల్డిహైడ్‌ది, వెనిలా వాసన మరో ఆల్డిహైడ్‌ది. చివర ఒక కార్బన్, దానికి రెండు బంధాలతో ఒక ఆక్సిజన్, ఒక బంధంతో ఒక హైడ్రోజన్. ఈ గుంపు వలయం మీద ఉంటే దాన్ని పట్టుకుని తర్వాత ఎన్నో అణువులు కట్టుకోవచ్చు. మందులు, రంగులు తయారుచేసేవాళ్లకు కావలసింది అదే. చిక్కల్లా దాన్ని వలయం మీద పెట్టడంలోనే ఉంది.

వలయం మీద కార్బన్ గుంపును పెట్టడానికి రసాయన శాస్త్రంలో పాత దారి ఒకటుంది. ఆమ్లపు క్లోరైడ్‌ను అల్యూమినియం క్లోరైడ్‌తో కలిపి వలయం మీదికి వదలడం. ఎసిటైల్ క్లోరైడ్ వాడితే కీటోన్ వస్తుంది. ఆ లెక్కన ఫార్మైల్ క్లోరైడ్ వాడితే ఆల్డిహైడ్ రావాలి. కానీ ఫార్మైల్ క్లోరైడ్‌ను సీసాలో పోసి అల్మారాలో పెట్టుకోలేం. మామూలు ఉష్ణోగ్రత దగ్గరే అది కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఒకాయన ఒత్తిడి కింద కార్బన్ మోనాక్సైడ్ వాడాడు, మరో పద్ధతిలో హైడ్రోజన్ సయనైడ్ వాడారు. పైగా మనకు కావలసిన వలయం మీద డైమిథైల్ అమైన్ గుంపు ఉంటే అల్యూమినియం క్లోరైడ్ వెళ్లి ఆ నైట్రోజన్‌నే పట్టుకుని కూర్చుంటుంది. దాంతో వలయానికి ఉన్న చురుకు కాస్తా పోతుంది.

1927లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో అంటోన్ విల్స్‌మయర్, ఆల్బ్రెక్ట్ హాక్ ఈ ముడి విప్పారు. అక్కడి ఓటో ఫిషర్ ప్రయోగశాల రంగుల రసాయనానికి పేరున్నది. మాలకైట్ గ్రీన్ రంగును తయారుచేసింది ఆ ఫిషరే. ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ ఒక అనిలైడ్ మీద ఏం చేస్తుందో చూస్తూ పోయిన పని నుంచి పుట్టింది ఈ చర్య. అసలు వెతికింది రంగుల కోసం, దొరికింది ఆల్డిహైడ్‌లకు దారి. అప్పట్లో వాళ్లు వాడింది డీఎంఎఫ్ కాదు, దానికి దాయాది లాంటి ఎన్-మిథైల్‌ఫార్మనిలైడ్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీఎంఎఫ్ చవకగా పీపాల్లో దొరకడం మొదలయ్యాక పాతది పక్కకు తప్పుకుంది. ఇప్పుడు విల్స్‌మయర్ అనగానే అందరికీ డీఎంఎఫే గుర్తొస్తుంది.

లోపల జరిగేదేమిటో చూద్దాం. డీఎంఎఫ్ చాలా సాధువైన ద్రవం. దాని నైట్రోజన్ తన దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటను పక్కనున్న కార్బన్ మీదుగా ఆక్సిజన్ దాకా పంపిస్తూ ఉంటుంది. అందుకే ఆ కార్బన్‌కు ఆకలి తక్కువ. వలయాన్ని కలిపి ఎంతసేపు మరిగించినా డీఎంఎఫ్ దాని జోలికి పోదు. ఇక్కడ ఆక్సీక్లోరైడ్ రంగంలోకి దిగుతుంది. ఫాస్ఫరస్‌కు ఆక్సిజన్ అంటే మహా ఇష్టం. డీఎంఎఫ్‌లోని ఆక్సిజన్ ఫాస్ఫరస్‌ను పట్టుకుంటుంది, అలా పట్టుకున్నాక కార్బన్‌ను వదిలి వెళ్లడం దానికి తేలికవుతుంది. ఖాళీ అయిన చోటికి ఒక క్లోరిన్ వస్తుంది. మిగిలేది ధనావేశం ఉన్న ఒక చిన్న అయాన్, దాని రూపం [(CH3)2N=CHCl]+. దీన్ని ప్రయోగశాలల్లో విల్స్‌మయర్ రీయేజెంట్ అంటారు. ఇప్పుడు దీని కార్బన్‌కు ఎలక్ట్రాన్లు కావాలి.

కావాలి గానీ, అంత తీవ్రంగా కాదు. నైట్రోజన్ పక్కనే ఉండి ఇంకా ఎలక్ట్రాన్లు అందిస్తూనే ఉంటుంది. కాబట్టి ఇది మెతక దాడి. ఎలక్ట్రాన్లు మిగులుగా ఉన్న వలయాల దగ్గరే దీని పని సాగుతుంది. ఉత్త బెంజీన్‌ను ఇది కదిలించలేదు, టోలీన్‌నూ కదిలించలేదు. మిథాక్సీ గుంపు ఒక్కటే ఉన్న ఎనిసోల్ దగ్గర నెమ్మదిగా నడుస్తుంది. డైమిథైల్ అనిలీన్, పిరోల్, ఇండోల్ వంటివి మాత్రం చటుక్కున అందుకుంటాయి. ఈ మెతకదనం లోపమని నేననుకోను. అణువులో రెండు మూడు వలయాలున్నప్పుడు ఎలక్ట్రాన్లు ఎక్కువున్న వలయాన్నే ఎంచుకుని, మిగతావాటిని ముట్టకుండా వదిలేసేది ఈ మెతకదనం వల్లనే.

వలయం ఆ కార్బన్‌ను పట్టుకున్నాక ఒక హైడ్రోజన్ పోతుంది, తర్వాత క్లోరిన్ పోతుంది. మిగిలేది వలయానికి అంటుకున్న CH=N+(CH3)2. దీన్ని ఇమినియం లవణం అంటారు. ధనావేశంతో ఉన్న ఈ గుంపు వలయంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాగేస్తుంది. అప్పటిదాకా సంపన్నంగా ఉన్న వలయం పేదదైపోతుంది. రెండో రీయేజెంట్ అణువు వచ్చినా దాన్ని పట్టించుకునే స్థితిలో ఉండదు. అందుకే పని ఒక్క CHO దగ్గర ఆగిపోతుంది. ఆల్డిహైడే నేరుగా పుట్టి ఉంటే, ఆ ఆమ్లపు వేడిలో పక్కనున్న మరో వలయం దాన్ని పట్టుకుని పాడుచేసేది. లవణం రూపంలో ఉండటం వల్ల దానికా గండం తప్పుతుంది.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూస్తే సంగతులు తేలిగ్గా పట్టుబడతాయి. డైమిథైల్ అనిలీన్ నుంచి పారా-డైమిథైల్ఎమినోబెంజాల్డిహైడ్ తయారీ. ఇది విల్స్‌మయర్, హాక్‌లు చూపించిన రకం ఆల్డిహైడే. డీఎంఎఫ్‌తో దీన్ని చేసే పద్ధతిని కాంపెయిన్, ఆర్చర్ అనే ఇద్దరు 1953లో ఆర్గానిక్ సింథసిస్‌లో ఇచ్చారు. ఆ సంపుటాల పద్ధతులంటే కెమిస్టులకు నమ్మకం ఎక్కువ. అచ్చయ్యే ముందు ప్రతి పద్ధతినీ వేరే ప్రయోగశాలలో మళ్లీ చేసి చూస్తారు.

తీసుకునేవి డీఎంఎఫ్ 91 గ్రాములు, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ 39.9 గ్రాములు, డైమిథైల్ అనిలీన్ 30.3 గ్రాములు. మోల్స్ లెక్కలో చూస్తే అనిలీన్ 0.25, ఆక్సీక్లోరైడ్ 0.26, అంటే దాదాపు సమానం. డీఎంఎఫ్ మాత్రం ఐదు రెట్లు. అందులో ఒక వంతు చర్యలో ఖర్చవుతుంది, మిగతాది ద్రావణిగా ఉండి అన్నింటినీ కలిపి ఉంచుతుంది. ఫ్లాస్కు పొడిగా ఉండాలి. తడి ఉంటే ఆక్సీక్లోరైడ్ డీఎంఎఫ్‌ను వదిలి ఆ నీటితో చర్య జరుపుతుంది, అంతమేరకు రీయేజెంట్ తగ్గిపోతుంది. డీఎంఎఫ్‌ను ఐసులో చల్లబరిచి, ఆక్సీక్లోరైడ్‌ను బొట్లుబొట్లుగా వదులుతారు. ఒక్కో బొట్టుకూ వేడి పుడుతుంది కనుక తొందరపడకూడదు. తర్వాత డైమిథైల్ అనిలీన్‌ను కూడా అలాగే వదులుతారు. అప్పుడు పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఘనపదార్థం తేలుతుంది. దాన్ని స్టీమ్ బాత్ మీద పెట్టి రెండు గంటలు వేడి చేస్తారు. వేడెక్కాక ఆ ఘనపదార్థం కరిగిపోతుంది.

చర్య పూర్తయిందో లేదో చూడటానికి టీఎల్‌సీ పెడతారు. కొత్తగా చేరిన కుర్రాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఫ్లాస్కులోంచి బొట్టు తీసి నేరుగా ప్లేటు మీద పెడితే ఆల్డిహైడ్ మచ్చ ఎక్కడా కనిపించదు. కింద గీత దగ్గరే ఏదో అలుక్కుపోయినట్టు ఉంటుంది. చర్య జరగలేదనుకుని ఇంకో రెండు గంటలు కాచేస్తారు. ఆ అలికిందే ఇమినియం లవణం. బొట్టును ముందు కొంచెం సోడియం బైకార్బొనేట్ నీళ్లలో వేసి, ఇథైల్ ఎసిటేట్‌తో కలియబెట్టి, పైపొర నుంచి మచ్చ పెట్టాలి. అప్పుడు గానీ ఆల్డిహైడ్ బయటపడదు.

ఇక నీళ్ల వంతు. చల్లారిన ద్రవాన్ని 200 గ్రాముల ఐసు ముక్కల మీద పోస్తారు. మిగిలిన ఫాస్ఫరస్ క్లోరిన్ బంధాలు నీటితో తెగి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫాస్ఫారిక్ ఆమ్లం పుడతాయి. ఈ ఆమ్లంలో ఇమినియం లవణం తొందరగా విడిపోదు. అందుకే సోడియం ఎసిటేట్ సంతృప్త ద్రావణాన్ని బాగా కలియతిప్పుతూ పోస్తారు, పీహెచ్ 6కూ 8కీ మధ్య వచ్చేదాకా. మధ్యమధ్యలో ఐసు వేస్తూ వేడెక్కకుండా చూసుకోవాలి. నీటి అణువు ఆ ధనావేశపు కార్బన్‌ను పట్టుకుంటుంది, డైమిథైల్ అమైన్ విడిపోతుంది, దాని చోట ఆక్సిజన్ నిలుస్తుంది. ఆల్డిహైడ్ స్ఫటికాలుగా తేలడం మొదలవుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, వడగట్టి, నీళ్లతో కడిగితే 30 నుంచి 31.4 గ్రాములు వస్తుంది. అంటే 80 నుంచి 84 శాతం. ద్రవీభవన స్థానం 73 నుంచి 74 డిగ్రీలు. ఈ అంకె రెండు మూడు డిగ్రీలు కిందికి జారితే సరుకులో మలినం ఉన్నట్టే.

చెడితే ఎలా తెలుస్తుందంటే, రంగే చెప్పేస్తుంది. స్ఫటికాలకు కాస్త ఆకుపచ్చ ఛాయ ఉండటం మామూలే, కడిగితే పోతుంది. ద్రావణమంతా ముదురు ఆకుపచ్చగానో నీలంగానో మారి, స్ఫటికాల బదులు జిగట నూనె కిందికి దిగితే మాత్రం కారణం వెతకాలి. ఎక్కువగా కనిపించే కారణం మిగిలిపోయిన డైమిథైల్ అనిలీన్. అప్పుడే పుట్టిన ఒక ఆల్డిహైడ్ అణువును ఆమ్లంలో రెండు డైమిథైల్ అనిలీన్ అణువులు చెరోవైపు పట్టుకుంటాయి. అలా వచ్చేదానికి రంగుండదు గానీ, ఆక్సీకరణం చెందితే అది క్రిస్టల్ వయొలెట్ అవుతుంది. నోటి పూతకు పూసే ఊదారంగు జెన్షియన్ వయొలెట్ మందులో ప్రధానంగా ఉండేది ఇదే. బాగా గాఢమైన ఆమ్లంలో ఇది పసుపుగా ఉండి, ఆమ్లం తగ్గేకొద్దీ ఆకుపచ్చ, నీలం మీదుగా ఊదాలోకి మారుతుంది. కాబట్టి పీహెచ్ పెరుగుతుండగా రంగులు మారుతుంటే ముచ్చటపడాల్సిన పనిలేదు, అందులో మన సరుకే పోతోంది. వేడి చేసే దశను ముందే ఆపేయడం, ఐసు తక్కువ వేయడం, సరిగా కలియతిప్పకపోవడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

అన్ని వలయాలకూ ఈ సోడియం ఎసిటేట్ మెత్తదనం చాలదు. ఇండోల్ సంగతి వేరు. జేమ్స్, స్నైడర్‌లు 1959లో అవే సంపుటాల్లో ఇచ్చిన పద్ధతిలో 100 గ్రాముల ఇండోల్‌ను 10 డిగ్రీలు దాటకుండా కలుపుతారు, 35 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పుతారు. స్టీమ్ బాత్ అక్కర్లేదు, ఇండోల్ అంత చురుకైనది. పసుపుపచ్చని ముద్ద తయారవుతుంది, ఐసు వేస్తే చెర్రీపండు ఎరుపు ద్రావణం అవుతుంది. ఇక్కడి దాకా సులువే. కానీ ఇండోల్‌లోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్లతో ఆ ధనావేశాన్ని ఎంత బాగా ఆదుకుంటుందంటే, నీళ్లు తగిలినా ఆ లవణం వెంటనే విడిపోదు. 375 గ్రాముల కాస్టిక్ సోడాను లీటరు నీళ్లలో కరిగించి పోసి, ఒక పొంగు వచ్చేదాకా మరిగించాలి. అంత చేస్తే 120 గ్రాములు వస్తుంది, 97 శాతం. మరిగించడం ఎందుకులే అని వదిలేసినవాళ్లకు దిగుబడి పడిపోతుంది, తప్పు ముందు దశలో ఉందనుకుని అక్కడ వెతుకుతూ కూర్చుంటారు.

ఈ రీయేజెంట్‌కు చేతకానివీ ఉన్నాయి. వలయం మీద ఉన్నది NH2 అయితే, అంటే మామూలు అనిలీన్ అయితే, రీయేజెంట్ వలయం దాకా వెళ్లదు. ముందుగా కనిపించిన ఆ నైట్రోజన్‌నే పట్టుకుని ఫార్మమిడీన్ అనే వేరే పదార్థం ఇస్తుంది. నైట్రోజన్ మీది రెండు హైడ్రోజన్ల చోటా మిథైల్ గుంపులు ఉండబట్టే డైమిథైల్ అనిలీన్‌తో పని జరిగింది. OH గుంపులు ఉన్నా ఇలాంటి ఇబ్బందే. వాటిని ముందుగా కప్పిపెట్టుకుని దిగాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, పాశమైలారంలో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసినవాళ్లకు ఈ రెండు పేర్లూ కొట్టిన పిండి. ఫ్లాస్కులో బుద్ధిగా నడిచిన ఈ చర్య రియాక్టర్‌లోకి వెళ్లాక మాత్రం తీరు మార్చుకుంటుంది. చిన్న గిన్నెలో అన్నం పది నిమిషాల్లో చల్లారుతుంది, పెళ్లి వంట గుండిగలో అన్నం మర్నాడు పొద్దుటికీ లోపల వెచ్చగానే ఉంటుంది. రెండు వేల లీటర్ల రియాక్టర్‌లో పుట్టిన వేడికి బయటికి పోయే దారి కూడా అంత ఇరుకు. విల్స్‌మయర్ రీయేజెంట్ వేడెక్కితే విచ్ఛిన్నమవుతుంది, ఆ క్రమంలో ఇంకా వేడినీ, వాయువులనూ వదులుతుంది. అందుకే ఆక్సీక్లోరైడ్‌ను ఎంత వేగంతో వదలాలో ముందే కేలరీమీటర్‌లో కొలుస్తారు. రీయేజెంట్‌ను తయారుచేసి రేపటికి దాచుకోవడం మంచి అలవాటు కాదు.

అసలు భయం నీళ్ల దగ్గర. ప్లాంటులో క్వెంచింగ్ అనే ఈ దశలో నీళ్లను రియాక్షన్ మాస్‌లోకి వదలరు, మాస్‌నే నెమ్మదిగా నీళ్లలోకి వదులుతారు. ఎప్పుడూ నీరే ఎక్కువగా ఉండాలి. ఇందులో ఒక వింత ఉంది. బాగా చల్లటి నీళ్లయితే క్షేమమని ఎవరికైనా అనిపిస్తుంది. ఆక్సీక్లోరైడ్ నీటికంటే బరువైన ద్రవం, సాంద్రత 1.6 పైమాటే. మరీ చల్లగా ఉండి, స్టిర్రర్ సరిగా తిరగకపోతే, మిగిలిపోయిన ఆక్సీక్లోరైడ్ చర్య జరపకుండా అడుగుకు చేరి కూర్చుంటుంది. థర్మామీటర్ కదలదు, ఆపరేటర్ వేగం పెంచుతాడు. కాసేపటికి పోగుపడిందంతా ఒకేసారి అంటుకుని, హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి ఉప్పెనలా లేస్తుంది. వేసింది వేసినట్టు ఖర్చయ్యేంత వెచ్చదనం ఉంచి, వదిలే వేగాన్ని అదుపులో పెట్టుకోవడమే దీనికి విరుగుడు. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు చేసే హాని కొన్ని గంటల తర్వాత గానీ తెలియకపోవచ్చు. డీఎంఎఫ్‌తో మరో ప్రమాదం. అది చర్మంలోంచి ఇంకి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇది ఫ్యూమ్‌హుడ్ లేనిచోట చేసే పని కాదు.

వ్యర్థాల లెక్క కూడా చూడాలి. పైన చెప్పిన ఉదాహరణలో 30 గ్రాముల సరుకు కోసం వాడిన 91 గ్రాముల డీఎంఎఫ్‌లో 70 గ్రాములకు పైగా వ్యర్థజలంలోకే పోతుంది. దానితోపాటు ఫాస్ఫేట్లు, క్లోరైడ్లు, డైమిథైల్ అమైన్ లవణం. క్షారం కాస్త ఎక్కువైతే ఆ అమైన్ విడుదలై కుళ్లిన చేపల వాసన వేస్తుంది. చర్య ఎంత ముచ్చటగా ఉన్నా ఈ భాగం అంత ముచ్చటైనది కాదు.

మరి ఈ పారా-డైమిథైల్ఎమినోబెంజాల్డిహైడ్‌తో ఏం చేస్తారు? ఇది ఆసుపత్రి ల్యాబుల్లో ఎర్లిక్ రీయేజెంట్ పేరుతో ఉండే మందు. పాల్ ఎర్లిక్ 1901లోనే, అంటే విల్స్‌మయర్ కంటే ముందే, దీన్ని మూత్ర పరీక్షకు వాడాడు. అప్పుడు ఆల్డిహైడ్‌ను వేరే దారుల్లో తయారుచేసుకునేవారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపిన ఈ ఆల్డిహైడ్‌ను మూత్రంలో వేస్తే, అందులో యూరోబిలినోజెన్ ఎక్కువగా ఉన్నప్పుడు ఎర్రరంగు వస్తుంది. కామెర్ల రకాన్ని పోల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. రక్తకణాలు ఎక్కువగా నశిస్తున్నప్పుడు యూరోబిలినోజెన్ పెరుగుతుంది, పిత్తనాళం పూర్తిగా మూసుకుపోతే అసలు కనిపించదు.

ఆ రంగు వచ్చే తీరు ఫ్లాస్కులో సరుకును పాడుచేసిన తీరే. యూరోబిలినోజెన్‌లో ఎలక్ట్రాన్లు మిగులుగా ఉన్న పిరోల్ వలయాలున్నాయి. ఆమ్లంలో అవి ఆల్డిహైడ్‌ను పట్టుకుంటాయి, నీరు విడిపోతుంది, రెండు చివరల నైట్రోజన్ల మధ్య ఎలక్ట్రాన్లు అటూ ఇటూ తిరగగల పొడవాటి రంగు అణువు తయారవుతుంది. 1928లో కోవాక్స్ ఇదే ఆల్డిహైడ్‌ను అమైల్ ఆల్కహాల్‌లో కరిగించి బాక్టీరియా పరీక్షకు వాడాడు. ఈ-కోలై వంటివి ట్రిప్టోఫాన్‌ను విరగ్గొట్టి ఇండోల్ వదులుతాయి. పరీక్షనాళికలో కొన్ని బొట్లు వేస్తే పైన ఎర్రటి ఉంగరం కడుతుంది. అయితే ఈ ఆల్డిహైడ్ తన ఎదుట ఉన్నది ఏ పిరోలో విడమర్చి చెప్పలేదు. పార్ఫిరియా అనే అరుదైన జబ్బులో మూత్రంలోకి వచ్చే పోర్ఫోబిలినోజెన్ కూడా అదే ఎరుపు ఇస్తుంది. అలాంటప్పుడు కొంచెం క్లోరోఫాం పోసి కుదుపుతారు. ఎరుపు క్లోరోఫాంలోకి దిగితే అది యూరోబిలినోజెన్‌ది, పైన నీళ్లలోనే ఉండిపోతే పోర్ఫోబిలినోజెన్‌ది.